కేఫ్ షిఫ్ట్‌కి ఎస్‌ఓపీ: ముందు మూసే కాగితం రాయండి, తెరిచేది తర్వాత

ప్రశ్న: విజయనగరంలో రింగ్ రోడ్డు వైపు చిన్న కేఫ్ పెట్టాను సర్. పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు. రెండు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు కుర్రాళ్ళు. పొద్దున వచ్చినవాళ్ళు రాత్రివాళ్ళని, రాత్రివాళ్ళు పొద్దున్నవాళ్ళని తిట్టుకోవడంతోనే సరిపోతోంది. వారంలో రెండు మూడు సార్లు పొద్దున్నే పాలు విరుగుతున్నాయి, గల్లాపెట్టెలో వందో నూటయాభయ్యో తేడా వస్తోంది. నెట్‌లో దొరికిన అరవై పాయింట్ల చెక్‌లిస్టు ప్రింట్ తీసి గోడకి అంటించాను, ఎవరూ చూడడం లేదు. ఓపెనింగ్, క్లోజింగ్ ఎస్‌ఓపీ ఎలా రాయాలో కాస్త వివరంగా చెప్తారా?

జవాబు:

ముందు ఆ అరవై పాయింట్ల కాగితం గోడ మీంచి తీసేయండి. అది ఇంకెవరి కేఫ్‌కో రాసింది. అందులో డిష్‌వాషర్ ఉంటుంది, అలారం కోడ్ ఉంటుంది. మీ పాల ట్రే ఎన్ని గంటలకి వస్తుందో, మీ కుర్రాడు నెల్లిమర్ల వెళ్ళే చివరి ఆటో ఎప్పుడు పట్టుకోవాలో ఉండదు. నేను విశాఖలో ఇంకొకరి కేఫ్‌లు చూసుకుని, ఇప్పుడు శ్రీకాకుళంలో సొంతంగా నడుపుతున్నాను. ఎక్కడ చూసినా, పొద్దున కనిపించే గొడవలో సగానికి పైగా ముందురోజు రాత్రి పుట్టినదే. అందుకని క్లోజింగ్ ముందు రాయండి. ఓపెనింగ్ కాగితం మీద పెద్దగా పని రాయక్కర్లేదు. రాత్రి వాళ్ళు వదిలిన స్థితి సరిగా ఉందో లేదో చూసి, సంతకం పెట్టి, కాఫీ మిషన్ వేడెక్కించి అమ్మకం మొదలుపెట్టడమే దాని పని.

రాయడానికి కూర్చోకముందు ఒక రాత్రి కేఫ్‌లో ఒక మూల కూర్చుని క్లోజింగ్ మొత్తం చూడండి. నోరు మెదపకండి, సాయం చేయకండి. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిందో మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి. దాదాపు అందరికీ ఒకటే కనిపిస్తుంది. పని గంటా పావు ఉంటుంది, వాళ్ళ దగ్గర ఉన్నది నలభై నిమిషాలు. పదింటికి చివరి కస్టమర్ లేస్తాడు, పదీ నలభైకి ఆటో. మిగిలిన ముప్ఫై అయిదు నిమిషాల పని ఎక్కడికి పోతుంది? కనబడని చోటికి పోతుంది. నేల తుడవకపోతే మీరు అడుగుతారు కాబట్టి నేల తుడుస్తారు. మిషన్ లోపల కడగకపోతే మీకు తెలియదు కాబట్టి అది వదిలేస్తారు. వాళ్ళు బద్ధకస్తులని అనుకోకండి, లెక్కే కుదరలేదు.

కాబట్టి ఎస్‌ఓపీలో మొదట తేల్చాల్సింది పనుల జాబితా కాదు, ఏ పని పదింటికి ముందే అయిపోవాలన్నది. రాత్రి తొమ్మిది నుంచి సామాన్యంగా టేబుళ్ళు సగం ఖాళీ. అప్పుడే పేస్ట్రీ, పఫ్ మిగిలినవి లెక్కపెట్టి రాయొచ్చు. సిరప్ సీసాల మూతులు తుడవొచ్చు. రేపటి కప్పులు, స్ట్రాలు నింపొచ్చు. మీ మిషన్‌కి కాఫీ దిగే గ్రూపులు రెండు ఉంటే 9:15కి ఒక గ్రూప్ కడిగి మూసేసి, రెండో దాని మీద చివరి అరగంట నడపొచ్చు. 9:45 తర్వాత మిషన్ కాఫీ ఇవ్వకూడదు, టీ, బాటిళ్ళు మాత్రమే. ఈ చివరి నియమం రాసేటప్పుడు ఓనర్లకి మనసొప్పదు. మూడు కాఫీలు పోతాయేమోనని బాధ. పోనివ్వండి. ఆ మూడు కాఫీల కోసం రోజూ మిషన్ కడగకుండా వదిలేస్తే పోయేది అంతకన్నా ఎక్కువ.

ఇక ఒక్కో లైను ఎలా రాయాలి. "ఫ్రిజ్ చెక్ చేయాలి", "మిషన్ క్లీన్ చేయాలి" అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తారు. ఒకడి దృష్టిలో క్లీన్ అంటే పైన గుడ్డతో తుడవడం. అందుకని పని పేరు కాకుండా, పని అయ్యాక కంటికి ఏం కనబడాలో రాయండి. దానికి ఒక అంకె తగిలించండి. అంకె రాకపోతే ఏం చేయాలో ఆ పక్కనే రాయండి. నా కాగితంలో ఫ్రిజ్ లైను ఇలా ఉంటుంది:

"మధ్య అరలో పాల వెనక ఉన్న థర్మామీటర్ చదివి అంకె రాయి. 5 లేదా తక్కువ ఉండాలి. 6 నుంచి 8 ఉంటే తలుపు రబ్బరు చూసి, వేడి గిన్నె ఏదైనా లోపల ఉంటే బయటికి తీసి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చదువు. 8 దాటితే ఫోన్ చెయ్యి, పాలు వాడకు."

పొడవుగా ఉంది కదా అనిపించవచ్చు. కానీ ఇందులో కుర్రాడు తన తెలివితో తేల్చుకోవాల్సింది ఏమీ మిగలలేదు. చల్లటి పదార్థాలు 5 డిగ్రీలలోపు, వేడిగా ఉంచేవి 60 పైన అన్నది ఫుడ్ సేఫ్టీ వాళ్ళు కూడా అడిగే లెక్కే. కాబట్టి ఆ అంకెల పుస్తకం తనిఖీ రోజున కూడా పనికొస్తుంది. ఇలాంటి అంకె లైన్లు క్లోజింగ్‌కి ఆరో ఏడో చాలు. మిగతావి టిక్కు లైన్లు.

మీ పాల సంగతి చూద్దాం. "పొద్దున పాలు విరుగుతున్నాయి" అన్నారు. ఏ పాలు? రాత్రి మిగిలి ఫ్రిజ్‌లో పెట్టినవా, తెల్లవారి వచ్చినవా? ఇది తేలకుండా మీరు ఏ లైను రాసినా గాలిలో రాసినట్టే. మన ఊళ్ళలో పాల వ్యాను అయిదున్నరకి వచ్చి ట్రే షట్టర్ ముందు పెట్టి వెళ్ళిపోతుంది. మీ కుర్రాడు ఏడుంపావుకి వస్తాడు. అంటే గంటా ముప్పావు ఆ ప్యాకెట్లు అరుగు మీద ఉన్నాయి. డిసెంబరులో ఏమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో, అదీ షట్టరు తూర్పు ముఖమైతే, ఎండ నేరుగా పడుతుంది. అప్పుడు పాలు చేతికి గోరువెచ్చగా తగులుతాయి. స్టీమ్ పెట్టగానే పలుకులు పలుకులుగా విడిపోతాయి. కుర్రాడేమో రాత్రివాడు ఫ్రిజ్ సరిగా వెయ్యలేదంటాడు.

దీన్ని వారంలో తేల్చే పద్ధతి చెప్తాను. రాత్రి మిగిలిన ప్యాకెట్లన్నిటికీ కాగితపు టేప్ ముక్క అంటించి తేదీ రాయమనండి. తెరిచిన పాలు మూత ఉన్న డబ్బాలో పోసి, తెరిచిన గంట కూడా రాయమనండి. పొద్దున వచ్చిన ట్రే మీద టేప్ ఉండదు. విరిగిన రోజు, విరిగింది టేప్ ఉన్న పాలా లేనివా అని ఒక్క మాట రాయిస్తే చాలు. టేప్ లేనివైతే తప్పు ట్రే పెట్టే సమయానిది. అప్పుడు ఓపెనింగ్ కాగితంలో ఈ లైను రావాలి: రెండు ప్యాకెట్ల మధ్య థర్మామీటర్ పెట్టి ఒక నిమిషం ఆగి చదువు, 5 దాకా సరే, 8 దాటితే ఆ ట్రే వాడకు, ఫోటో తీసి ఏజెంటుకి పంపు. ఈ మాట ఏజెంటుతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి, లేకపోతే కుర్రాడు మధ్యలో నలిగిపోతాడు. అసలు దారి మాత్రం ట్రే వచ్చే వేళ మార్చుకోవడం. అది కుదరకపోతే తాళం పెట్టిన ఐస్‌బాక్సు ఒకటి అరుగు మీద ఉంచి, దాని తాళం చెవి వ్యాను కుర్రాడికి ఒకటి ఇవ్వాలి.

టేప్ ఉన్న పాలే విరిగితే అప్పుడు రాత్రిలో వెతకాలి. అక్కడ రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, క్లోజింగ్ హడావుడిలో పాల డబ్బా తొమ్మిదిన్నర నుంచి కౌంటర్ మీదే ఉండిపోయి, చివర్లో ఎప్పుడో ఫ్రిజ్‌లోకి వెళ్ళడం. దానికి మందు లైన్ల వరస మార్చడమే: 9:45కి మిషన్ ఆర్డర్లు ఆపగానే మొదటి పని పాలు లోపల పెట్టడం, తర్వాతే మిగతావి. ఒకసారి స్టీమ్ చేసి జగ్గులో మిగిలిన పాలు మాత్రం పారబోయాలి. దాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడం, మర్నాడు వేడి చేయడం వద్దు.

రెండో కారణం ఇంకా మామూలుది. వెళ్ళేవాడు జాగ్రత్తపరుడు. అన్ని లైట్లూ ఆపి, షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ కూడా దించేసి వెళ్తాడు. ఫ్రిజ్ ఆరిపోతుంది. పొద్దున వచ్చినవాడు మెయిన్ ఎత్తగానే ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంటుంది. మీరు వచ్చేసరికి అంతా మామూలే, ఎవరికీ ఏమీ తెలియదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్ రెంటికీ వేరే ఎంసీబీ పెట్టించండి. దాని మీద ఎర్ర టేప్ అంటించండి. కాగితంలో "మెయిన్ ఆఫ్ చేయకూడదు. ఎర్ర టేప్ ఉన్న ఎంసీబీ ముట్టకూడదు. మిగిలిన నాలుగూ కిందికి" అని రాయండి. ఎన్ని దించాలో అంకె వేయడం ముఖ్యం.

రాత్రి కరెంటు పోయిందా, ఎంతసేపు పోయింది అన్నది పొద్దునవాడికి ఎలా తెలుస్తుంది? తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. అంతకు మించి పోతే చెప్పలేం. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ కొనండి. రాత్రి వెళ్ళేటప్పుడు దాన్ని రీసెట్ చేయాలి, పొద్దున గరిష్ఠం ఎంత చూపిందో రాయాలి. ఉత్త 4 అని రాస్తే మీకు తెలిసేది ఆ నిమిషం సంగతి మాత్రమే, గరిష్ఠం 11 అని ఉంటే రాత్రి కథంతా తెలుస్తుంది. డీప్ ఫ్రీజర్‌కి ఆ ఖర్చు కూడా వద్దు. ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి లోపల ఉంచండి. బిళ్ళ గడ్డలోకి దిగబడి ఉంటే లోపల ఎప్పుడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్న మాట. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో మా దగ్గర పొద్దున మొదట చూసేది ఆ బిళ్ళనే.

ఇప్పుడు మిషన్. క్లోజింగ్‌లో అందరూ ఎగ్గొట్టేది ఇదే కాబట్టి అడుగు అడుగూ రాయాలి. ముందు మీ మిషన్‌కి బ్యాక్‌ఫ్లష్, అంటే పౌడర్ నీళ్ళని గ్రూప్ లోపలికే తిరగదోసి కడగడం, చేయవచ్చా లేదా చూడండి. కాఫీ ఆపగానే గ్రూప్‌లో మిగిలిన ఒత్తిడి కింద ట్రేలోకి 'పుస్'మని వదిలే రకమైతే చేయవచ్చు. అలా వదలని చిన్న మిషన్లకి చేయకూడదు, కంపెనీ పుస్తకం చూసుకోండి. చేయగలిగిన రకానికి నా లైన్లు ఇవి. కాఫీ పొడి వేసి గ్రూప్‌కి తగిలించే పిడి, అదే పోర్టాఫిల్టర్‌లో రంధ్రాలు లేని బ్లైండ్ బాస్కెట్ పెట్టి, మిషన్ క్లీనింగ్ పౌడర్ 3 గ్రాములు వెయ్యాలి. పౌడర్ డబ్బాలో కొలత చెంచా ఒకటి శాశ్వతంగా పడేసి ఉంచండి, లేకపోతే చేతికొచ్చినంత వేస్తారు. పది సెకన్లు నడిపి, పది సెకన్లు ఆపి, ఇలా అయిదు సార్లు. తర్వాత బాస్కెట్ కడిగి, పౌడర్ లేకుండా మళ్ళీ అదే పని. ట్రేలో పడే నీళ్ళలో నురగా రంగూ లేకుండా వచ్చేదాకా చేస్తూనే ఉండాలి. ఇక్కడ "అయిదు సార్లు" అని మాత్రమే రాస్తే అయిదు సార్లు చేసి వెళ్ళిపోతారు, నురగ ఉన్నా సరే. అందుకని ఆగాల్సిన గుర్తు రాయాలి.

చేశాడా లేదా మీకెలా తెలుస్తుందంటారా? పొద్దున కాఫీ వేయకముందు గ్రూప్ కింద తెల్ల కప్పు పెట్టి ఉత్త నీళ్ళు అయిదు సెకన్లు వదలమనండి. నీళ్ళు తేటగా ఉంటే రాత్రి కడిగారు. గోధుమరంగు నీళ్ళు, అందులో నల్ల నలుసులు వస్తే కడగలేదు. ఆ కప్పు ఫోటో ఒకటి మీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిస్తే చాలు, ఎవరితోనూ వాదించక్కర్లేదు.

స్టీమ్ పైపు గురించి ఒక్క మాట. పాలు కాచిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి ఆవిరి ఒకసారి వదలాలి, ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. రాత్రి పైపు కొస నానాలని పౌడర్ నీళ్ళ జగ్గులో ముంచి, అలాగే మిషన్ ఆపేసి వెళ్ళిపోతారు. బాయిలర్ చల్లారేకొద్దీ లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వాల్వ్ ఏమాత్రం వదులుగా ఉన్నా ఆ నీళ్ళు పైపులోంచి బాయిలర్‌లోకి పీల్చుకుంటాయి. మర్నాడు ఆ ఆవిరే మీ పాలలోకి వెళ్తుంది. అందుకని నా కాగితంలో వరస మారకూడదని రాసి ఉంటుంది: ముందు నానబెట్టు, తుడువు, జగ్గు తీసెయ్యి, ఆవిరి వదులు, ఆ తర్వాతే స్విచ్. గ్రైండర్ హాపర్‌లో గింజలు మూత గట్టిగా పడే డబ్బాలోకి తీసేయాలి. మన తీరం గాలిలో తేమకి రాత్రంతా బయట ఉంటే పొద్దున గ్రైండ్ మాట వినదు.

గల్లాపెట్టెకి వద్దాం. వందా నూటయాభై తేడా అనగానే ఓనర్ల ఆలోచన నేరుగా దొంగతనం వైపు పోతుంది. చాలాసార్లు అది దొంగతనం కాదు, బిల్లు కొట్టేటప్పుడు నొక్కిన మీట. ఒక రాత్రి లెక్క మీకు వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే.

పొద్దున గల్లాలో పెట్టిన చిల్లర 2,000. బిల్లింగ్ మిషన్ ప్రకారం రోజు నగదు అమ్మకం 6,340. గల్లాలోంచి ఇచ్చిన ఖర్చులు: అదనపు పాలకి 560, ఐసుకి 120, కలిపి 680. అంటే ఉండాల్సింది 2,000 కి 6,340 కలిపి 680 తీసేస్తే, 7,660. కుర్రాడు లెక్కపెడితే 7,510 ఉంది. నూటయాభై తక్కువ. ఇక్కడే ఆగిపోతే గొడవ. ఆగకుండా యూపీఐ వైపు చూడండి. బిల్లింగ్‌లో యూపీఐ అమ్మకం 9,120, ఫోన్ యాప్‌లో ఈ రోజు వచ్చినవి 9,270. అక్కడ నూటయాభై ఎక్కువ. ఒక చోట తగ్గిన అంకే ఇంకో చోట పెరిగిందంటే డబ్బు పోలేదు. ఎవరో కస్టమర్ స్కాన్ చేసి 150 కట్టాడు, మనవాడు బిల్లు మీద నగదు నొక్కాడు. ఆ బిల్లు నంబరు వెతికి పక్కన రాసి సరిచేస్తే అయిపోయింది.

కాబట్టి ఎస్‌ఓపీలో నగదు, యూపీఐ రెండు వేర్వేరు లైన్లుగా ఉండకూడదు. రెండు తేడాలూ పక్కపక్కన రాసేలా ఒకే గడి ఉండాలి. రెండూ కలిపినా తేడా మిగిలితేనే అది నిజం తేడా. దానికి ముందు వెతకాల్సినవి రెండే: చీటీ రాయని ఖర్చు, రద్దు చేయని తప్పు బిల్లు. యాప్‌లో చూసే మొత్తం ఆ రోజుదేనా, ఆ కేఫ్ క్యూఆర్‌దేనా అన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. మీ సొంత నంబరుకి వచ్చిన ఇంటి డబ్బులు అందులో కలిస్తే లెక్క ఏ జన్మకీ తేలదు. కేఫ్‌కి వేరే ఖాతా క్యూఆర్ పెట్టుకోండి.

లెక్కపెట్టే పద్ధతిలో ఒక షరతు పెట్టండి. ముందు చేతిలో డబ్బు లెక్కపెట్టి నోటు వారీగా రాయాలి, ఆ తర్వాతే బిల్లింగ్ మిషన్‌లో రోజు మొత్తం తీయాలి. మొత్తం ముందే తెలిస్తే చెయ్యి ఆ అంకె దగ్గరే ఆగుతుంది. తర్వాత రేపటి చిల్లర 2,000 పక్కకి తీసి సంచిలో కట్టాలి. నేనైతే వందలు 8, యాభైలు 10, ఇరవైలు 20, పదులు 30 అని రాసిపెడతాను. ఎందుకంటే "2,000 పెట్టు" అని మాత్రమే రాస్తే నాలుగు అయిదొందల నోట్లు పెట్టి వెళ్తారు. అది లెక్కకి సరే గానీ పొద్దున మొదటి కస్టమర్ 40 రూపాయల కాఫీకి అయిదొందలు ఇస్తే ఏం చేస్తారు? ఆ సంచి పొద్దునవాడు మొదటి బిల్లు కొట్టకముందే విప్పి లెక్కపెట్టి సంతకం చేయాలి. ఆ సంతకం అయ్యాక తేడా వస్తే పొద్దున షిఫ్టుది, అంతకుముందు వస్తే రాత్రిది. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు కూడా ఇదే పని, కాకపోతే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేయాలి.

తక్కువైన డబ్బు జీతంలో కోస్తే బుద్ధొస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కోత మొదలెట్టిన రోజు నుంచి తగ్గినవి వాళ్ళ జేబులోంచి నింపుతారు, ఎక్కువైనవి జేబులోకి వెళ్తాయి. మీ పుస్తకంలో రోజూ తేడా సున్నా కనిపిస్తుంది, జరుగుతున్నది మాత్రం మీకు తెలియదు. తేడా ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏమీ అననని చెప్పండి. నెల తిరిగేసరికి ఏ షిఫ్టులో, ఏ రోజుల్లో వస్తోందో పుస్తకమే చూపిస్తుంది. అప్పుడు మాట్లాడవచ్చు.

ఓపెనింగ్ కాగితం దీని తర్వాత తేలిక. వరస మాత్రం వేడెక్కే సమయాన్ని బట్టి రాయాలి. 8కి తెరవాలంటే 7:15కి లోపల ఉండాలి. షట్టర్ ఎత్తగానే మొదటి పని వాసన చూడడం, లైటు వేయడం కాదు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు, ఎగ్జాస్ట్ కూడా వద్దు. తలుపులన్నీ తెరిచి, సిలిండర్ దగ్గర ఆపి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. రాత్రి కాగితంలో "స్టవ్ నాబ్‌లు కాదు, సిలిండర్ దగ్గరే ఆపు" అన్న లైను ఉంటే ఈ లైను అవసరం పడే రోజులు తగ్గుతాయి.

వాసన లేకపోతే మిషన్ ఆన్. అది నిజంగా వేడెక్కడానికి అరగంట దాకా పడుతుంది. గేజ్ ముల్లు ముందే 1 బార్ చూపించినా నమ్మకండి, కొన్ని మిషన్లలో లోపల చిక్కుకున్న గాలి ముల్లుని లేపుతుంది. స్టీమ్ వాల్వ్ ఒకసారి తెరిచి వదిలాక ముల్లు మళ్ళీ అక్కడికే వస్తే అది అసలు ఒత్తిడి. పోర్టాఫిల్టర్లు గ్రూప్‌కే తగిలించి ఉంచాలి, అవీ వేడెక్కాలి. ఈ అరగంటలో పాల ట్రే, ఫ్రిజ్ గరిష్ఠం, రూపాయి బిళ్ళ, చిల్లర సంచి, టేబుళ్ళు అన్నీ అయిపోతాయి. చివర పది నిమిషాలు గ్రైండ్ కుదుర్చుకోవడానికి. 18 గ్రాముల పొడి వేసి, కప్పు కింద త్రాసు పెట్టి, 36 గ్రాముల కాఫీ ఎన్ని సెకన్లలో దిగిందో చూడాలి. 25 నుంచి 30 మధ్య అయితే సరే. త్వరగా దిగితే గ్రైండ్ సన్నం చేయాలి, ఆలస్యమైతే ముతక చేయాలి. ఒకసారికి ఒక గీత మాత్రమే జరిపి మళ్ళీ చూడాలి. సెకన్ల అంకె కాగితంలో రాయాలి. నిన్న కుదిరిన గీత వాన పడ్డ రోజు కుదరకపోవచ్చు కాబట్టి "నిన్నటిదే ఉంచాను" అన్న మాట ఒప్పుకోకండి.

కాగితం తెలుగులో రాయండి, మీ కుర్రాళ్ళు పనిలో వాడే మాటలతోనే. వాళ్ళు బాస్కెట్ అంటే బాస్కెట్టే రాయండి, గిన్నె అంటే గిన్నె. క్లోజింగ్ ఒక పేజీ, ఓపెనింగ్ ఒక పేజీ, అంతకు మించితే ఏదో తీసేయాలి. బ్యాక్‌ఫ్లష్‌లాంటి పొడుగు పని వివరం మిషన్ పక్కనే చిన్న అట్ట మీద వేలాడదీయండి, పేజీలో "బ్యాక్‌ఫ్లష్, అట్ట ప్రకారం" అని ఉంటే చాలు. వారానికోసారి చేసే పనులు, గ్రైండర్ బ్లేడ్లు విప్పి బ్రష్ చేయడం, ఫ్రిజ్ వెనక దుమ్ము దులపడం లాంటివి, రోజు కాగితంలో కలపకండి. కలిపితే రోజూ టిక్కు పడుతుంది, వారానికోసారి కూడా పని జరగదు.

టిక్కుల రోగం మీకు తప్పకుండా వస్తుంది. ఇరవై గడులకి ఒకే పెన్నుతో, ఒకే వాలుగా, ఒకే ఊపులో టిక్కులు పడి ఉంటాయి. ఫ్రిజ్ గడిలో పది రోజులు వరసగా 4, 4, 4. ఒక రోజు మీరే చెప్పకుండా థర్మామీటర్ తీసి దాచేయండి. ఆ రాత్రి కూడా 4 అని ఉంటే ఎవరితో కూర్చుని మాట్లాడాలో తెలిసిపోతుంది. తిట్టడానికి కాదు, బహుశా వాడికి సమయం చాలడం లేదేమో కనుక్కోవడానికి. అప్పుడు మళ్ళీ నోట్‌బుక్ పట్టుకుని ఒక క్లోజింగ్ చూడండి.

రాసిన మొదటి కాపీ మీ పాత కుర్రాళ్ళకి ఇచ్చి పరీక్షించకండి, వాళ్ళు కాగితం చూడకుండానే చేసేస్తారు. కొత్తగా చేరినవాణ్ణో, క్లోజింగ్ ఎప్పుడూ చేయని పొద్దున షిఫ్టు వాణ్ణో రాత్రి ఉంచి, కాగితం చేతికిచ్చి, మీరు పక్కన నిలబడండి. వాడు "సర్, ఇదేంటి?" అని అడిగిన ప్రతి చోటా కాగితం మీద గుర్తు పెట్టుకోండి, జవాబు చెప్పి ఊరుకోవద్దు. ఆ లైన్లు తిరగరాసి, అడుగున తేదీ వేసి, పాత కాపీ చింపేయండి. గోడ మీద రెండు కాపీలు ఉంటే రాత్రివాడు ఒకటి, పొద్దునవాడు ఇంకోటి పట్టుకుంటారు. మిషన్ మారినా, పాల ఏజెంటు మారినా, కేఫ్ వేళలు మారినా ఆ రోజే కాగితం కూడా మార్చాలి.

మీ మిషన్ మోడల్, పాల ట్రే ఎన్ని గంటలకి దిగుతోంది, ఫ్రిజ్‌కి వేరే ఎంసీబీ ఉందా లేదా, ఈ మూడూ ఇక్కడ రాయండి. మీ క్లోజింగ్ వరస చూసి ఎక్కడ సమయం దొరుకుతుందో చెప్తాను.